క్లయింటుకు అనారోగ్యమైతే వాయిదా కోరే లెటరు: దానికి ఏయే కాగితాలు జత చేయాలి?

ప్రశ్న: "మా నాన్నగారికి 68 ఏళ్లు. ఒక సివిల్ దావాలో ప్రతివాది. ఆయన సాక్ష్యాన్ని రాసి చీఫ్ అఫిడవిట్‌గా వేశాం, వచ్చే సోమవారం 17వ తేదీన దాని మీద అవతలి లాయరు ప్రశ్నించే క్రాస్‌కి ఉంది. 12వ తేదీ రాత్రి డెంగీతో ఆసుపత్రిలో చేర్చాం. మా లాయరుగారు 'లెటరు పెట్టి వాయిదా తీసుకుంటాను, మెడికల్ సర్టిఫికెట్ ఒకటి పంపండి' అన్నారు. సర్టిఫికెట్ ఒక్కటి చాలా? ఇంకేం జత చేయాలి? ఇప్పటికే రెండుసార్లు వాయిదా తీసుకున్నాం."

జవాబు:

సర్టిఫికెట్ ఒక్కటే సరిపోవచ్చు, పది కాగితాలు పెట్టినా సరిపోకపోవచ్చు. ఎందుకంటే మీ నాన్నగారికి జబ్బు ఉందా లేదా అన్నది న్యాయమూర్తి చూసే మొదటి విషయం కాదు. 17వ తేదీన కోర్టుకు వచ్చి, బోనులో నిలబడి లేదా కూర్చుని, అవతలి లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే స్థితిలో ఆయన ఉన్నారా, లేకపోతే ఎప్పటికి ఉంటారు అన్న రెండు ప్రశ్నలకే న్యాయమూర్తి జవాబు వెతుకుతారు. మీరు జత చేసే ప్రతి కాగితమూ ఈ రెండింటిలో ఒకదానికి జవాబు చెప్పాలి. చెప్పని కాగితం ఫైలును లావు చేయడం తప్ప ఇంకేమీ చేయదు.

ముందుగా లెటరు సంగతి. ఆర్బిట్రేటరు ముందు నడిచే వ్యవహారాల్లో లాయరు రాసిన లెటరు గానీ ఈమెయిలు గానీ మామూలుగా చెల్లుతుంది. సుప్రీంకోర్టులో వాయిదా లెటర్లు తిప్పే పద్ధతి చాలాకాలం ఉంది, దానికి కూడా 2024 ఫిబ్రవరి సర్క్యులర్‌తో గట్టి పరిమితులు వచ్చాయి. మీ దావా నడుస్తున్న ట్రయల్ కోర్టులో మాత్రం న్యాయమూర్తి పేరిట లాయరు రాసిన ఉత్తరానికి పెద్దగా విలువ ఉండదు. అక్కడ కావలసింది సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు 1వ రూలు కింద వేసే పిటిషను, దానికి మద్దతుగా ఒక అఫిడవిట్. మీ లాయరుగారు 'లెటరు' అన్నది వాడుక మాటగా అని ఉండవచ్చు, ఒకసారి అడిగి తెలుసుకోండి. అసలైన లెటరు వెళ్లవలసింది అవతలి పక్షం లాయరుకు, అది కూడా వాయిదా రోజుకు ముందే. దాని గురించి కింద చెబుతాను.

ఇప్పుడు సర్టిఫికెట్. నా అనుభవంలో నూటికి తొంభై సర్టిఫికెట్లు ఒకే మూసలో ఉంటాయి: 'ఫలానా వ్యక్తి జ్వరంతో బాధపడుతున్నందున పది రోజుల విశ్రాంతి అవసరం.' ఈ నమూనా ఉద్యోగుల సెలవు కోసం పుట్టింది. ఆఫీసుకు అది చాలు. కోర్టుకు చాలదు, ఎందుకంటే విశ్రాంతి అవసరం అన్న మాటకూ సాక్ష్యం చెప్పలేరు అన్న మాటకూ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని పూడ్చగలిగేది వైద్యుడు ఒక్కరే. కాబట్టి ఆసుపత్రికి వెళ్లినప్పుడు 'కోర్టుకు సర్టిఫికెట్ కావాలండీ' అని ఊరుకోకుండా, ఇది 17వ తేదీన రెండు మూడు గంటలపాటు సాక్ష్యం చెప్పవలసిన వాయిదా అని వైద్యుడికి వివరించండి. అప్పుడు ఆయన తనకు తెలిసింది సూటిగా రాయగలుగుతారు: ఏ తేదీన పరీక్షించారు, జబ్బు ఏమిటి, ఏ పరీక్ష ద్వారా నిర్ధారణ అయింది, ఇప్పుడు రోగి ఏ స్థితిలో ఉన్నారు, ఆ స్థితి వల్ల ప్రయాణం చేయడం లేదా చాలాసేపు కూర్చుని మాట్లాడటం ఎందుకు కుదరదు, ఎప్పటికి కోలుకోవచ్చు.

వైద్యుడి చేత మీకు కావలసిన మాటలు రాయించమని నేను అనడం లేదు. ఆయనకు ప్రశ్న సరిగ్గా చెప్పమంటున్నాను. ప్రశ్న తెలియని వైద్యుడు సెలవు సర్టిఫికెట్టే రాస్తారు, అందులో ఆయన తప్పు లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి వైద్యుడూ తాను ఇచ్చే సర్టిఫికెట్లకు ఒక రిజిస్టరు నిర్వహించాలి, అందులో రోగి సంతకం గానీ వేలిముద్ర గానీ, చిరునామా, కనీసం ఒక గుర్తింపు చిహ్నం నమోదు చేయాలి, సర్టిఫికెట్ నకలు తన దగ్గర ఉంచుకోవాలి. తన రిజిస్ట్రేషను నంబరు కూడా సర్టిఫికెట్ మీద చూపాలి. సర్టిఫికెట్ నిజమైనదా అని అవతలి లాయరుకు అనుమానం వస్తే మొదట చూసేది ఆ నంబరునే. రబ్బరు స్టాంపు మసకబారి నంబరు చదవరాకుండా ఉంటే అక్కడికక్కడే ఇంకోసారి వేయించుకోండి, దీనికి పట్టేది అర నిమిషం. అబద్ధపు సర్టిఫికెట్ ఇవ్వడం, అది అబద్ధమని తెలిసీ కోర్టులో వాడటం రెండూ నేరాలే. వాయిదా కోసం ఆ దారిలోకి వెళ్లే క్లయింట్ల వకాలత్ నేను ఉంచుకోను.

మీ విషయంలో సర్టిఫికెట్‌కు తోడుగా రెండు కాగితాలు చాలు. ఒకటి, 12వ తేదీన ఆసుపత్రిలో చేర్చుకున్నట్టు చూపే అడ్మిషన్ స్లిప్పు లేదా కేసు షీటు మొదటి పేజీ. రెండోది, డెంగీ నిర్ధారణ అయిన రక్తపరీక్ష రిపోర్టు, దానితోపాటు ఆ వారంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఎలా ఉందో చూపే తాజా రిపోర్టు. 17 లోపే డిశ్చార్జి అయితే డిశ్చార్జి సమ్మరీ కూడా పెట్టాలి. అందులో ఇంటి దగ్గర ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాస్తారు కాబట్టి 'ఎప్పటికి రాగలరు' అన్న ప్రశ్నకు అదే అన్నింటికన్నా బలమైన జవాబు. ఆసుపత్రి రికార్డు కావాలని రోగి గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని పైన చెప్పిన నిబంధనల్లోనే ఉంది. ఆ లెక్కన ఈరోజే అడగండి, ఆదివారం రాత్రి అడిగితే సోమవారం ఉదయానికి చేతికి రాదు.

మందుల బిల్లుల కట్ట, మంచం మీద సెలైన్ ఎక్కుతున్న ఫోటోలు పెట్టకండి. ఫోటోలు తెచ్చే క్లయింట్లు నాకు ప్రతి ఏడాదీ తగులుతూనే ఉంటారు. ఆ ఫోటో ఏ రోజు తీసిందో చూసేవారికి తెలియదు, పైగా దాన్ని చూసి న్యాయమూర్తికి జాలి కలగకపోగా చిరాకు కలగవచ్చు. ఇంకా ముఖ్యమైనది, మీరు జత చేసిన ప్రతి కాగితమూ అవతలి పక్షానికి నకలు వెళుతుంది, కోర్టు రికార్డులో ఉండిపోతుంది. కేసు షీటులో ఈ జ్వరానికి సంబంధం లేని పాత జబ్బుల చరిత్ర ఉంటే ఆ పేజీలు పెట్టవలసిన పని లేదు.

అఫిడవిట్ ఎవరు వేయాలన్నది తరువాతి ప్రశ్న. నాన్నగారు సంతకం చేసే స్థితిలో లేకపోతే, ఆయన్ను ఆసుపత్రిలో చేర్చిన మీరే వేయడం ఉత్తమం, ఎందుకంటే జరిగింది మీరు కళ్లారా చూశారు. లాయరు చేత అఫిడవిట్ వేయించకండి. ఆయన చూసింది మీరు పంపిన వాట్సాప్ ఫోటోలు మాత్రమే. ఒకవేళ అవతలివారు ఆ విషయాన్ని వివాదం చేస్తే మీ లాయరే సాక్షిగా మారే ఇబ్బంది వస్తుంది. ఇదే కారణంతో లెటరులోనూ పిటిషనులోనూ ఆయన రాయవలసింది 'నాకు అందిన సమాచారం ప్రకారం, జత చేసిన సర్టిఫికెట్ ఆధారంగా' అనే తప్ప, తానే చూసినట్టు కాదు.

ఇప్పటికే రెండు వాయిదాలు తీసుకున్నామన్నారు కదా, మీ పిటిషనులో అన్నింటికన్నా జాగ్రత్తగా రాయవలసిన భాగం అదే. 17వ ఆర్డరు 1వ రూలు ప్రకారం విచారణ దశలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదు. ఇది మీకు మూడోది. ఆ రెండూ ఎందుకు తీసుకున్నారో అవతలి లాయరు లేచి చదివి వినిపించేలోపే మీ అఫిడవిట్‌లో మీరే తేదీలతో సహా రాయండి. దాచిపెడితే అది బయటపడిన క్షణాన మంచి సర్టిఫికెట్ కూడా సాకులా కనిపిస్తుంది. మూడు దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పరిమితిని వివరిస్తూ, పక్షం చేతిలో లేని పరిస్థితుల్లో మూడు దాటినా వాయిదా ఇవ్వవచ్చునంది, తీవ్రమైన జబ్బుతో ఉన్నట్టుండి ఆసుపత్రి పాలవడాన్ని అందుకు ఒక ఉదాహరణగా చెప్పింది. మీ నాన్నగారి విషయం సరిగ్గా అక్కడే నిలుస్తుంది, కాబట్టి పిటిషనులో 'ఉన్నట్టుండి', 'చేతిలో లేని' అన్నవి మాటలుగా మిగలకుండా తేదీలుగా కనిపించాలి: 12వ తేదీ రాత్రి జ్వరం, అదే రాత్రి అడ్మిషన్, 17న వాయిదా.

తేదీలు ఎలా మాట్లాడతాయో ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరున్న ఒక స్థలం దావాలో నా క్లయింటు వాది, అరవై దాటిన మనిషి, క్రాస్‌కి రావలసి ఉండగా నడుము పట్టేసింది. వాయిదాకు ముందురోజు సాయంత్రం ఆయన కొడుకు తెచ్చిన సర్టిఫికెట్‌లో నడుము నొప్పి, రెండు వారాల విశ్రాంతి అన్న రెండే మాటలున్నాయి. పరీక్షించిన తేదీ లేదు. నేను కూడా తొందరలో దాన్నే జత చేశాను, ఆ పొరపాటు నాది. అవతలి లాయరు లేచి, 'సర్టిఫికెట్ కోసం క్లినిక్ దాకా వెళ్లగలిగిన మనిషి కోర్టు దాకా రాలేరా?' అని ఒక్క ప్రశ్న అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అవతలి పక్షానికి వెయ్యి రూపాయల ఖర్చులు కట్టాలనీ, ఇదే చివరి అవకాశమనీ షరతు పెట్టి న్యాయమూర్తి రెండు వారాల వాయిదా ఇచ్చారు.

ఆ రెండు వారాల్లో నొప్పి తగ్గలేదు. ఈసారి ఎముకల వైద్యుడి దగ్గరకు నేనే ఒక పేజీ లెటరు పంపాను. ఏ తేదీన ఏ పని చేయవలసి ఉందో, ఎంతసేపు పట్టవచ్చో అందులో రాసి, దానికి ఆయన ఆరోగ్యం అనుమతిస్తుందా లేదా అన్నది మాత్రమే చెప్పమని కోరాను. వచ్చిన సర్టిఫికెట్ అయిదారు వాక్యాలే. ఫలానా తేదీన పరీక్షించాను, ఎమ్మారైలో నడుములోని నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు జారినట్టు కనబడింది, ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేరు, వాహన ప్రయాణం వల్ల నొప్పి పెరుగుతుంది, మూడు వారాల తరువాత మళ్లీ పరీక్షిస్తాను, మాట్లాడటానికి మాత్రం ఇబ్బంది లేదు అని ఉంది. ఆ చివరి వాక్యం చూసి కొడుకు కంగారుపడ్డాడు, దాన్ని తీసేయించమన్నాడు. నేను ఒప్పుకోలేదు. కేసును నిలబెట్టింది ఆ వాక్యమే. రాలేరు గానీ మాట్లాడగలరు అని వైద్యుడే చెప్పడంతో, వాయిదాతోపాటు ప్రత్యామ్నాయంగా, కోర్టు తరఫున సాక్ష్యం నమోదు చేసే అడ్వొకేట్ కమిషనరును నియమించి ఇంటి దగ్గరే క్రాస్ నడిపించమని కోరాను. జబ్బు వల్ల గానీ బలహీనత వల్ల గానీ కోర్టుకు రాలేని సాక్షికి 26వ ఆర్డరు 1వ రూలు ఆ వీలు ఇస్తుంది. రిజిస్టరైన వైద్యుడి సంతకంతో ఉన్న సర్టిఫికెట్‌ను, ఆ వైద్యుణ్ణి సాక్షిగా పిలవకుండానే, జబ్బుకు రుజువుగా కోర్టు స్వీకరించవచ్చునని ఆ రూలు కిందనే వివరణ కూడా ఉంది. పిటిషను అదేరోజు మంజూరైంది. అవతలి లాయరు అభ్యంతరం చెప్పలేదు, ఆయనకూ కావలసింది క్రాస్ జరగడమే.

మీకు కమిషనరు అవసరం పడకపోవచ్చు, డెంగీ కొద్ది వారాల్లో తగ్గే జబ్బు. అయితే నాన్నగారికి నీరసం ఎక్కువకాలం ఉంటే ఈ దారి గుర్తుంచుకోండి. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవడానికి మీ కోర్టులో ఏర్పాటు ఉంటే దాన్ని కూడా అడగవచ్చు.

ఇక అవతలి లాయరుకు రాయవలసిన లెటరు. దాన్ని శుక్రవారమే, అంటే 14వ తేదీనే పంపాలి, ఎందుకంటే వారి క్లయింటు వేరే ఊరు నుంచి ప్రయాణమై సోమవారం పొద్దున్నే కోర్టుకు వచ్చాక తెలిస్తే సహజంగానే అభ్యంతరం చెబుతారు. ఖర్చులు అడుగుతారు, న్యాయమూర్తి వేస్తారు కూడా. లెటరు ఇంత ఉంటే చాలు:

'పై నంబరు దావాలో 17వ తేదీన ప్రతివాది మొదటి సాక్షి క్రాస్ నిమిత్తం వాయిదా ఉన్నది. సదరు సాక్షి డెంగీ జ్వరంతో 12వ తేదీ రాత్రి ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నట్టు వారి కుమారుడు నాకు తెలియజేసి, వైద్యుడి సర్టిఫికెట్ పంపినారు. దాని నకలును దీనితో జత చేస్తున్నాను. ఆ రోజున వాయిదా కోరుతూ పిటిషను దాఖలు చేయబోతున్నాను. వైద్యుడు సూచించిన విశ్రాంతి గడువు 27వ తేదీతో ముగుస్తుంది కనుక, ఆ తరువాతి వారంలో మీకు అనుకూలమైన తేదీ తెలియజేయగలరు. మీ క్లయింటు ప్రయాణం మానుకునే వీలుండాలని ముందుగానే తెలియజేస్తున్నాను.'

గడువు ముగిసే తేదీ మీ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలా రాయండి. ఈ లెటరుకు వారు 'అభ్యంతరం లేదు' అని జవాబు ఇస్తే దాన్ని కూడా పిటిషనుకు జత చేయండి. జవాబు రాకపోయినా లెటరు ఎప్పుడు చేరిందో చూపే రుజువు ఉంచుకోండి. ముందుగా చెప్పిన పక్షానికీ, చివరి నిమిషంలో చెప్పిన పక్షానికీ న్యాయమూర్తి దృష్టిలో ఉండే తేడా ఖర్చుల ఆర్డరులో కనిపిస్తుంది.

పిటిషనులో ప్రార్థన కూడా అలాగే కచ్చితంగా ఉండాలి. 'తగిన సమయం ఇప్పించవలసినది' అని వదిలేస్తే అది అంతులేని కోరికలా వినబడుతుంది. 27వ తేదీ తరువాతి వారంలో ఒక తేదీ అడగండి, ఆ రోజున సాక్షిని తప్పక హాజరుపరుస్తామని అఫిడవిట్‌లో మాట ఇవ్వండి. ఇచ్చాక ఆ మాట తప్పకూడదు, నాలుగోసారి అడగవలసి వస్తే ఈ అఫిడవిట్టే మీకు వ్యతిరేకంగా చదువుతారు. నెల రోజులు అడగాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. పది రోజుల విశ్రాంతి అని సర్టిఫికెట్ చెబుతుండగా నెల అడిగితే మిగతా ఇరవై రోజులకు కారణం మీ దగ్గర ఉండదు.

సోమవారం ఉదయం కోర్టు పని మొదలయ్యేలోపే పిటిషను బెంచి క్లర్కు దగ్గరకు చేరాలి, ఒరిజినల్ సర్టిఫికెట్‌తోనే చేరాలి. రిపోర్టులకు జిరాక్సులు చాలు గానీ ఒరిజినల్స్ మీ చేతిలో ఉంచుకుని మీరు హాజరవ్వండి. కేసు పిలిచినప్పుడు 'ఇప్పుడెలా ఉన్నారు, డిశ్చార్జి అయ్యారా?' అని న్యాయమూర్తి అడిగితే, లాయరు ఫోను తీసి కనుక్కోవడం కంటే వెనక నిలబడ్డ మీరు జవాబు చెప్పడం ఎంతో నయం. పోయినసారి కట్టమన్న ఖర్చులేవైనా బాకీ ఉంటే ఆ రోజుకు ముందే కట్టి రసీదు జత చేయండి. మంచి కారణం ఉండి కూడా పిటిషన్లు కొట్టేయడం నేను చూసిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ పాత బాకీ వల్లనే.

ఒకవేళ పిటిషను కొట్టేస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. క్రాస్‌కి రాని సాక్షి చీఫ్ అఫిడవిట్‌ను పక్కన పెట్టి, ప్రతివాది సాక్ష్యం ముగిసిందని రాసి దావాను వాదనలకు వేయవచ్చు. అప్పుడు మీరు ఆలస్యం చేయకుండా సాక్ష్యం తిరిగి తెరవమని ఒకటి, సాక్షిని తిరిగి పిలవమని ఒకటి, రెండు పిటిషన్లు వేయాలి. వాటికి ఆధారం మళ్లీ ఈ కాగితాలే. అందుకని సోమవారం ఆర్డరు ఎలా వచ్చినా ఆసుపత్రి కాగితాల సెట్టు ఒకటి విడిగా ఇంట్లో ఉంచుకోండి, డిశ్చార్జి రోజున సమ్మరీ మీద వైద్యుడి సంతకం, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని బయలుదేరండి.